బెంచ్ దగ్గర ఆగిపోయిన కుర్రాళ్ల తరఫున జిమ్ యజమానులకు, ట్రైనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిమ్ యజమానులకు, ట్రైనర్లకు,



ఈ నెల మొదట్లో మా పట్టణంలో మూడు జిమ్ముల గోడల మీద ఒకే కాగితం కనబడింది. మీలో కొందరు కూడబలుక్కుని అతికించినదే. అందులో మూడు మాటలున్నాయి. బెంచ్ ప్రెస్ చెస్ట్ డే రోజున మాత్రమే చేయాలి. ఒక్కొక్కరికి 15 నిమిషాలు. రాడ్‌ని ఛాతీ మీద ఆపి ఉంచకూడదు. రద్దీ తట్టుకోలేక పెట్టామని మీలో ఒకరు నాతో అన్నారు. రద్దీ నిజమే. కానీ మీరు నిషేధించిన రెండు పనులూ ఏమిటో ఆలోచించారా? బెంచ్ మీద బరువు ఆగిపోయినవాడు ముందుకు కదలడానికి మొదట చేయాల్సినవి ఆ రెండే. వారంలో ఎక్కువసార్లు బెంచ్ చేయడం, రాడ్‌ని ఛాతీ మీద ఆపి లేపడం. రోగం అలాగే ఉంచి మందు దుకాణం మూసేస్తే ఎలా?

ఈ కాగితం సంగతి నాకు చెప్పింది ఒక కుర్రాడు. 27 ఏళ్లు, సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో పని, ఒంటి బరువు 74 కిలోలు. మా పెరట్లో ఒక ర్యాక్, ఒక బెంచ్, తూకం సరిచూసిన ఒక రాడ్ ఉన్నాయి. నేను పోటీలు మానేశాక అవి అలాగే ఉండిపోయాయి. మూడు నెలల కింద ఒక సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "సార్, ఎనిమిది నెలలుగా బెంచ్ పెరగట్లేదు. మా అన్నని అడిగితే నీ బాడీ లిమిట్ అంతే, ఇంకా పెరగాలంటే సైకిల్ వేయాల్సిందే అన్నాడు. వేయమంటారా?" అని అడిగాడు. 'మా అన్న' అంటే అతని జిమ్ ట్రైనరు. ఇంజెక్షన్ మాట అంత తేలికగా నోట్లోంచి వచ్చింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ 'లిమిట్' సంగతి తేల్చుకుందాం.

"ఎంత లేపుతున్నావు?" అన్నాను. "105 సార్, అన్న సపోర్ట్‌తో" అన్నాడు.

ఆ సపోర్ట్ ఎలా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తల దగ్గర నిలబడ్డ మనిషి రాడ్ కింద రెండు చేతులూ పెట్టి "మొత్తం నీదే, మొత్తం నీదే" అని అరుస్తూ ఉంటాడు. అలా అరిచేటప్పుడు అతని మెడ నరాలు ఎందుకు ఉబ్బుతాయి? అందులో కొంత బరువు అతను లేపుతున్నాడు కాబట్టి. కుర్రాడు ఇంటికెళ్లి 105 అని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. తర్వాతి వారం ఆ అంకె మీదే లెక్క వేసుకుని సెట్లు కడతాడు. పునాదిలోనే పది కిలోల అబద్ధం ఉంటే పైన కట్టేది నిలుస్తుందా?

ఇంకో మాట. మీ రాడ్ ఎంత బరువుందో ఎప్పుడైనా తూచారా? పోటీల్లో వాడేది 20 కిలోలు. ఆ కుర్రాడు చేసే జిమ్ రాడ్‌ని, యజమాని ఒప్పుకున్నాకే, పక్కనే బియ్యం బస్తాలు తూచే కాటా మీద పెట్టి చూశాం. 17 ఉంది. అంటే 105 అనుకున్నది 102. మా పెరట్లో 20 కిలోల రాడ్ మీద, ఎవరి చెయ్యీ తగలకుండా, ఛాతీ మీద తాకించి వెంటనే లేపితే 95 లేచింది. నాలుగు రోజులాగి, ఛాతీ మీద ఒక సెకను కదలకుండా ఆపి లేపమంటే 87.5 దగ్గర ఆగాడు. ముఖం చిన్నబోయింది పాపం. కానీ ఎనిమిది నెలల్లో అతని చేతికి దొరికిన మొదటి నిజమైన అంకె అది.

95 కీ 87.5 కీ మధ్య ఉన్న ఆ 7.5 కిలోలు ఎక్కడివి? కండ సాగినప్పుడు అందులో, దాని టెండన్‌లో కొంత శక్తి నిల్వ ఉంటుంది. సాగిన రబ్బరు వెనక్కి లాగినట్టు, వెంటనే లేపితే ఆ శక్తి తోడొస్తుంది. ఆగితే కరిగిపోతుంది. 1991లో విల్సన్, ఎలియట్, వుడ్ అనే పరిశోధకులు బెంచ్ ప్రెస్ మీదే దీన్ని పరిశీలించి, ఆ తోడు సగానికి పడిపోవడానికి సుమారు 0.85 సెకను చాలని తేల్చారు. అంటే ఒక్క సెకను ఆపితే సగానికి పైగా పోతుంది. దానికి తోడు మన జిమ్ముల్లో ఛాతీ ఎముక మీద రాడ్‌ని కొట్టి ఎగరేయడం ఒకటుంది. అది కండ బలం కూడా కాదు, పక్కటెముకల బలం. ఇలా ఎగరేసి ఎగరేసి నెలల తరబడి చేసినవాడికి ఛాతీ నుంచి మొదటి బెత్తెడు ఎత్తు వరకూ తోసే బలం ఎప్పుడు వస్తుంది? ఆ భాగంలో అతను ఎప్పుడూ పని చేయలేదు కదా.

నేను చేసిన రెండో పని ఫోన్ కెమెరా పెట్టడం. మీరు ఎదురుగా నిలబడి చూస్తారు, లేదా తల వెనక నిలబడి చూస్తారు. ఆ రెండు చోట్ల నుంచీ అసలు సంగతి కనబడదు. బెంచ్‌కి సరిగ్గా పక్కన, పడుకున్నవాడి ఛాతీ ఎత్తులో, స్టూలు మీద ఫోన్ ఆనించాను. 80 కిలోలతో నాలుగు రెప్స్ చేయమన్నాను. వీడియో నెమ్మదిగా తిప్పి ఇద్దరం చూశాం. మొదటి రెప్‌లో రాడ్ రొమ్ముల కింది గీత దగ్గర తాకింది. నాలుగోదానికి రెండు వేళ్లు పైకి, మెడ వైపు జరిగింది. దిగేటప్పుడు సగం దూరం బాగానే ఉంది, చివరి జానెడు మాత్రం రాడ్ దిగడం లేదు, పడుతోంది. పడిన రాడ్ ఎగిరి బెత్తెడు ఎత్తు వచ్చాక వేగం చచ్చిపోయింది. అక్కడ మోచేతులు రెండూ పక్కలకి విచ్చుకున్నాయి, నడుము బెంచ్ మీంచి లేచింది. "ఇదంతా నేనేనా సార్?" అన్నాడు.

అయ్యా, ఇది కనిపెట్టడానికి నాకు పెద్ద చదువేమీ అక్కర్లేకపోయింది. ఒక ఫోనూ, ఒక స్టూలూ, పది నిమిషాలూ చాలాయి. నెలకి ఫీజు, పైగా పర్సనల్ ట్రైనింగ్ అని దాని మీద ఇంకో మొత్తం కట్టించుకుంటున్న మీరు, 'లిమిట్' అని తీర్పు చెప్పేముందు ఒక్కసారి పక్కకొచ్చి చూసి ఉంటే పోయేదేముంది?

ఛాతీ నుంచి బెత్తెడు ఎత్తులో ఆగేవాడికి పాజ్ రెప్ కావాలి. అతనికి ఇచ్చింది చెప్తాను. అతని నిజమైన అంకె 87.5. అందులో 80 శాతం 70 కిలోలు. బుధవారం 70 కిలోలతో మూడేసి రెప్స్, అయిదు సెట్లు. ప్రతి రెప్‌లోనూ రాడ్‌ని ఛాతీ మీద రెండు సెకన్లు ఆపాలి. లెక్క లేపేవాడు పెట్టుకోకూడదు. బరువు కింద ఉన్నవాడి సెకను అర సెకనే ఉంటుంది. పక్కన ఉన్నవాడు పైకి లెక్కపెట్టి 'ప్రెస్' అనాలి. పోటీలో రిఫరీ చేసేది అదే కదా. రాడ్ ఛాతీ మీద కదలకుండా నిలిచిందని చూశాకే 'ప్రెస్' అంటాడు. జిల్లా పోటీలకి మీ జిమ్ పేరున కుర్రాళ్లని పంపుతారు, బనియన్ మీద జిమ్ పేరు అచ్చు వేయిస్తారు. ఆ పిల్లలు 'ప్రెస్' అనేలోపే లేపేసి ఎర్ర లైట్లు తెచ్చుకుని వస్తుంటే, తప్పు వాళ్లదంటారా? ఛాతీ మీద ఆపకూడదని గోడ మీద రాసింది ఎవరు?

పాజ్‌ని పాడుచేసుకునే దారి కూడా ఒకటుంది, దాన్ని చూసి తీరాలి. ఆపమనగానే చాలామంది రాడ్‌ని ఛాతీ మీద పడుకోబెట్టేస్తారు. ఊపిరి వదిలేస్తారు, వీపు పరిచేస్తారు, రాడ్ మెత్తగా రెండు అంగుళాలు దిగబడుతుంది. అది ఆపడం కాదు, విశ్రాంతి. తర్వాత అక్కడి నుంచి లేపడానికి మళ్లీ కడుపునీ కాళ్లనీ ఎగరేస్తారు. సరిగ్గా ఆపినప్పుడు రాడ్ బనియన్ గుడ్డని తాకుతుంది, నొక్కదు. బరువు ఇంకా చేతుల్లోనే ఉంటుంది, ఊపిరి లోపలే ఉంటుంది, భుజపు ఎముకలు వెనక ఒకదానికొకటి బిగుసుకునే ఉంటాయి. పక్క నుంచి చూస్తే రాడ్ కింద గుడ్డ ముడత పడిందా లేదా అన్నది చాలు, తేడా తెలిసిపోతుంది. మొదటి వారం ఆ కుర్రాడి అయిదు సెట్లలో రెండు సెట్లు నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు వారంలో ఎన్నిసార్లు అన్న మాటకి వస్తాను. మీ కాగితం ఇక్కడే ఎక్కువ హాని చేస్తోంది. ఆ కుర్రాడు సోమవారం ఒక్కరోజే ఫ్లాట్ బెంచ్ 12 సెట్లు చేసేవాడు. నోట్‌బుక్ చూస్తే మొదటి నాలుగు సెట్లలోనే పని జరుగుతోంది. అయిదో సెట్ నుంచి బరువు తగ్గుతోంది, ఎనిమిదో సెట్ నుంచి సపోర్ట్ అని రాసుంది. చివరి అయిదు సెట్లూ అలిసిపోయిన చేతులతో, అడ్డదిడ్డంగా, తప్పు దారిలో రాడ్ తిప్పడం అభ్యాసం చేసుకోవడమే. తర్వాత ఆరు రోజులు బెంచ్ ముట్టుకోడు. మళ్లీ సోమవారం వచ్చేసరికి చేయి ఆ దారి మరిచిపోయి ఉంటుంది. వారానికి ఒక్కసారే వాయిస్తే మృదంగం ఎవరికైనా వస్తుందా?

నేను ఆ 12 సెట్లకి ఒక్క సెట్టు కూడా కలపలేదు. మూడు రోజులకి పంచానంతే. సోమవారం బరువుగా నాలుగు సెట్లు, 77.5 కిలోలతో నాలుగేసి రెప్స్, తాకించి లేపడం, కానీ ఎగరేయడం లేదు. బుధవారం పాజ్ అయిదు సెట్లు. శనివారం తేలిక బరువుతో మూడు సెట్లు. మొత్తం 12. రెండో వారానికే బుధవారం సెట్లలో రాడ్ ఒకే చోట తాకడం మొదలుపెట్టింది. ఇందులో మాయ ఏమీ లేదు. 2019లో షోన్‌ఫెల్డ్, అతని సహచరులు అప్పటివరకూ వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, వారం మొత్తంలో పని సమానంగా ఉంటే ఎన్ని రోజులకి పంచినా కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి రోజులు పెంచడమే గొప్ప అని నేననను. పంచితే జరిగేది ఒకటే, ప్రతి సెట్టూ తాజా చేతులతో పడుతుంది. ఒక్క రోజులో 12 సెట్లు చెడగొట్టుకునేవాడికి అది చాలు. ఇప్పటికే రెండు రోజులు శుభ్రంగా చేస్తూ ఆగిపోయినవాడికి ఇది అంత పనిచేయదు. అతనికి మొత్తం సెట్లు కొద్దిగా పెంచడమో, కొన్నాళ్లు తగ్గించడమో చూడాలి.

రద్దీ అన్నారు కదా, అది కూడా ఆలోచించండి. సోమవారం సాయంత్రం మీ జిమ్‌లో బెంచ్ దగ్గర వరస ఎందుకు ఉంటుంది? అందరికీ సోమవారమే చెస్ట్ డే అని చెప్పింది మీరే. బుధవారం అదే బెంచ్ మీద తువ్వాళ్లు ఆరేసి ఉంటాయి. పాజ్ సెట్టు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశాను. మూడు రెప్స్, రెండేసి సెకన్ల పాజ్, రాడ్ దింపి లేపడం అన్నీ కలిపి 20 సెకన్లు దాటదు. మధ్యలో మూడు నిమిషాల విరామంతో అయిదు సెట్లు మీరు పెట్టిన 15 నిమిషాల్లోనే అయిపోతాయి. ఆ విరామంలో ఇంకొకరు చేసుకోవచ్చు కూడా. బెంచ్‌ని ఆక్రమించేది ఛాతీ మీద ఆపిన రెండు సెకన్లా, లేక దాని మీద కూర్చుని ఫోన్ చూసే పది నిమిషాలా?

శనివారం తేలిక సెట్లు అన్నాను. అవి టెంపో సెట్లు. 60 కిలోలు, అయిదేసి రెప్స్, దించడానికి నాలుగు సెకన్లు, తాకించి వెంటనే వేగంగా లేపడం. ఈ కుర్రాడికి టెంపో ఎందుకంటే, చివరి జానెడులో రాడ్ పడిపోతోంది కాబట్టి. నాలుగు లెక్కపెడుతూ దింపితే ఎక్కడ పట్టు జారుతోందో అతనికే తెలుస్తుంది. అతనికి మూడో లెక్క దగ్గర మోచేతులు విచ్చుకునేవి. అక్కడ ఆపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని దింపడం మూడు వారాల్లో వచ్చింది. ఇంతకంటే టెంపో మీద నాకు పెద్ద భ్రమలు లేవు. ఎనిమిది సెకన్లు, పది సెకన్లు దింపించే ట్రైనర్లని చూశాను. అలా చేస్తే బరువు బాగా తగ్గించాల్సి వస్తుంది, కుర్రాడు వణుకుతాడు, చూసేవాళ్లకి బ్రహ్మాండంగా ఉంటుంది, బలం మాత్రం రాదు. దించే దారి బాగుపడగానే టెంపో తీసేయాలి. మేం ఎనిమిదో వారం తర్వాత తీసేశాం.

తర్వాత మాట చిన్నదే కానీ నాకు చాలా కోపం తెప్పించేది. బుధవారం బరువు మొదటి వారం 70, రెండో వారం 72.5, మూడో వారం 75. నాలుగో వారం 62.5తో సగం సెట్లు చేయించి ఒంటిని తేలికపరిచాను. ఈ 72.5 వేయాలంటే రాడ్‌కి రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు కావాలి. మీ జిమ్ముల్లో ఎన్నింట్లో ఉన్నాయి? నేను తిరిగిన ఆరింట్లో ఒక్కదాంట్లో ఉన్నాయి, అవీ ఒక ప్లేటు పోయి ఒకటే మిగిలింది. అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 అయితే ఒక్కో అడుగూ అయిదు కిలోలు. 70 లేపేవాడికి అయిదు కిలోలంటే నూటికి ఏడు పైన. మెట్టుకీ మెట్టుకీ మధ్య మనిషి ఎత్తు పెట్టి, ఎక్కలేకపోతే నీ కాళ్లలో బలం లేదన్నట్టుంది మీ వరస. గోడంతా అద్దాలు పెట్టారు, రంగు లైట్లు పెట్టారు, పాటలకి పెద్ద పెట్టెలు పెట్టారు. ఒక జత చిన్న ప్లేట్లకి డబ్బు లేదా?

అయిదో వారం నుంచి పాజ్ సెట్లు రెండేసి రెప్స్‌కి మార్చాం. 75, 77.5, 80. అక్కడే ఒక పొరపాటు జరిగింది. నాదీ అందులో భాగముంది. ట్రైసెప్స్ కొద్దిగా మొదలుపెట్టు అని అతనికి చెప్పి ఊరుకున్నాను, ఏది ఎంత అని చెప్పలేదు. అతను మళ్లీ మీ జిమ్‌కే వెళ్లి, మీ ట్రైనరు చెప్పినట్టు వంకర రాడ్‌తో పడుకుని నుదుటి దాకా దింపే ఎక్స్‌టెన్షన్లు, అవే స్కల్ క్రషర్లు, 35 కిలోలతో ఆరేసి రెప్స్ మొదలుపెట్టాడు. పది రోజుల్లో ఎడమ మోచేయి వెనక కొనలో నొప్పి. టీ గ్లాసు ఎత్తినా తెలుస్తోందన్నాడు. నొప్పి కీలులోనూ టెండన్‌లోనూ ఉందంటే బరువు ఎక్కువైందని అర్థం, కండ మధ్యలో మంట అయితే పని జరిగిందని అర్థం. ఈ రెంటికీ తేడా మీ దగ్గర చేరే ప్రతివాడికీ మొదటి వారమే చెప్పాలి. మేం స్కల్ క్రషర్లు ఆపేశాం. కేబుల్‌కి తాడు కట్టి కిందికి నొక్కే పుష్‌డౌన్లు 15 రెప్స్ వచ్చే బరువుతో పెట్టాం. నొప్పి తగ్గడానికి రెండు వారాలు పట్టింది. బెంచ్ మీద బరువు ఆ రెండు వారాలూ పెంచలేదు. దాంతో 80 అనుకున్న వారం 77.5 దగ్గరే నిలిపాం.

తొమ్మిదో వారం నుంచి ఒక్కో రెప్ చొప్పున, ఒక సెకను పాజ్‌తో 82.5, 85, తర్వాతి వారం 87.5. మూడు నెలల కింద ముక్కి మూలిగి లేపిన 87.5 ఆ రోజు ఆగకుండా లేచింది. పన్నెండో వారం ఆదివారం పొద్దున, ఎవరి చెయ్యీ తగలకుండా, ర్యాక్‌కి రెండు వైపులా అడ్డ కమ్మీలు పెట్టి చూశాం. 90 లేచింది. 92.5 లేచింది, నెమ్మదిగా. 95 ఛాతీ నుంచి చక్కగా వదిలి, జానెడు ఎత్తు వచ్చి ఆగిపోయింది. దింపి కమ్మీల మీద పెట్టాడు.

పాజ్‌తో 12 వారాల్లో అయిదు కిలోలు. ఫోన్లో చూసే వీడియోల లెక్కన ఇది చిన్నదే. ఎనిమిది నెలలు గోడకి తల కొట్టుకున్నవాడికి ఇది ఎంతో మీకు తెలియాలి. నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ 95 ఓడిపోయిన చోటు. ముందు బెత్తెడు దగ్గర ఆగేవాడు, ఇప్పుడు జానెడు దగ్గర ఆగుతున్నాడు. అంటే అడుగున ఉన్న లోపం తీరింది, పై లోపం బయటపడింది. ఇప్పుడు చేయాల్సింది మళ్లీ పాజ్ కాదు. ఇది చూడకుండా 'పోయినసారి పాజ్ పనిచేసింది కదా' అని అదే చేయిస్తే అతను మళ్లీ ఆగిపోతాడు.

రాడ్ జానెడు దాటాక చేయి నిటారుగా చాపడంలో ఎక్కువ పని ట్రైసెప్స్‌ది. కాబట్టి వచ్చే ఎనిమిది వారాలు శనివారం టెంపో చోటులో క్లోజ్ గ్రిప్ బెంచ్. రాడ్ మీద గరుకు మొదలయ్యే చోట చూపుడు వేళ్లు వస్తే సరిపోతుంది, అది ఇంచుమించు భుజాల వెడల్పు. దానికంటే దగ్గరికి జరిపితే ట్రైసెప్స్‌కి కొత్తగా ఒరిగేది ఏమీ లేదు, మణికట్టు మాత్రం వంగిపోతుంది. 70 కిలోలతో ఆరేసి రెప్స్, నాలుగు సెట్లు. ట్రైసెప్స్‌లో పొడుగు పాయ భుజం కీలు దాటి భుజపు రెక్క ఎముక దాకా పోతుంది. చేయి తల మీదికి ఎత్తినప్పుడే అది పూర్తిగా సాగుతుంది. అందుకని సోమవారం చివర కూర్చుని రెండు చేతులతో ఒక డంబెల్‌ని తల వెనక్కి దింపి లేపే ఎక్స్‌టెన్షన్లు, 12 నుంచి 15 రెప్స్, మూడు సెట్లు. మోచేయి గుర్తుంచుకుని రెండు వారాలకి ఒకసారి మాత్రమే బరువు పెంచాలి. బుధవారం పాజ్ రెండు సెట్లకి తగ్గించి ఉంచుతాం, సంపాదించింది పోకుండా.

ఇదంతా ఎవరికి పనిచేయదో కూడా చెప్పాలి. జిమ్‌లో చేరి ఆరు నెలలు కానివాడికి ఇవేవీ అక్కర్లేదు, రాడ్ దారి నేర్పి వారం వారం కొద్దిగా బరువు వేస్తే చాలు. రాత్రి షిఫ్ట్ చేసి నాలుగు గంటలు పడుకునేవాడికి, బరువు తగ్గాలని సగం కడుపు తినేవాడికి సెట్లు మార్చి లాభం లేదు, ముందు నిద్రా తిండీ సరిచేయాలి. భుజం ముందు భాగంలో నొప్పి ఉండి రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేనివాడిని డాక్టర్‌కి చూపించాలి. బెంచ్ ఆగిపోయిందని వచ్చిన ప్రతివాడినీ ఈ ప్రశ్నలు అడగడం ఎవరి పని? డబ్బు తీసుకుంటున్న మీ పని కాదా?

ఇక ఆ ఇంజెక్షన్. అనబాలిక్ స్టెరాయిడ్ బయటి నుంచి ఎక్కిస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి, కొలెస్ట్రాల్ పాడవుతుంది, రక్తపోటు పెరుగుతుంది, గుండె కండ మందమవుతుంది. పెళ్లి చూపులు జరుగుతున్న కుర్రాడు వాడు. రాడ్ పక్కకొచ్చి ఒక్కసారి చూడని మనిషి, రాడ్ బరువు తూచని మనిషి, 1.25 ప్లేటు కొనని మనిషి, 'నీ బాడీ లిమిట్ అంతే' అని ఏ అధికారంతో అన్నాడు? ఆ సీసా అమ్మితే ఎవరికి ఎంత మిగులుతుంది? మీలో ఆ పని చేయనివారే ఎక్కువమందని నాకు తెలుసు. చేసేవాడు మీ కప్పు కిందే చేస్తున్నప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?

నేను అడిగేవి ఎక్కువ లేవు. ఆ కాగితం తీసేయండి. వారంలో ఏ రోజైనా బెంచ్ చేసుకోనివ్వండి. రాడ్‌లు తూచి, వాటి బరువు రంగుతో చివర రాయండి. 1.25 ప్లేట్లు రెండు జతలు కొనండి. సపోర్ట్‌కి నిలబడే ట్రైనర్లకి, లేస్తున్న రాడ్ మళ్లీ కిందికి రావడం మొదలయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. ముట్టుకున్న రెప్ లెక్కలో వేయవద్దని కూడా చెప్పండి.

ఆ కుర్రాడి కొత్త వారాలు ఈ సోమవారం మొదలవుతున్నాయి. మా పెరట్లో కేబుల్ లేదు, డంబెల్స్ లేవు. అందుకని అతను మీ జిమ్‌కే వస్తాడు. బుధవారం సాయంత్రం దుకాణం కట్టేసి ఎనిమిదింటికి, సంచిలో మా 1.25 ప్లేట్లు వేసుకుని వస్తాడు. రెండు సెట్లు, ఛాతీ మీద రెండు సెకన్లు ఆపి చేయాలి. పక్కన నిలబడి లెక్కపెట్టి 'ప్రెస్' అనడానికి మీలో ఒకరు వస్తారా?

ఇట్లు,
మీ ఊరివాడే అయిన ఒక పాత లిఫ్టర్